‘చూద్దాంరా’ వద్దు, ‘రావట్లేదురా’ అను

*మాస్టారూ, నేను విశాఖలో ఇంటర్ సెకండియర్. వచ్చే శుక్రవారం నా ప్రాణస్నేహితుడి 17వ పుట్టినరోజు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మాది. ఆ రోజు క్లాసులు ఎగ్గొట్టి ఏడుగురం మూడు బళ్ల మీద యారాడ బీచ్‌కి వెళ్దామని గ్రూపులో పెట్టాడు. వాడు నడిపేది వాళ్లన్నయ్య బండి, లైసెన్సు లేదు. నాకు ఈత రాదు, వెళ్లాలని కూడా లేదు. అందరూ ‘డన్’ అనేశారు. నేను మాత్రం చదివి రెండు రోజులుగా జవాబివ్వలేదు. రానంటే పిరికోడంటారు, వాడు దూరమైపోతాడేమో. ఏమని మెసేజ్ పెట్టాలి?*

ముందు ఆ రెండు రోజుల సంగతి చూద్దాం. నువ్వు చదివావని వాళ్లకి తెలుసు. ఏమీ అనలేదు కాబట్టి వస్తున్నావనే అనుకుంటున్నారు. ఈపాటికి ఎవరు ఏ బండి మీద అన్న లెక్క కూడా అయిపోయుంటుంది. ఏడుగురు, మూడు బళ్లు. అంటే ఒక దాని మీద ముగ్గురు. ఆ మూడోవాడివి నువ్వే కావచ్చు. గురువారం రాత్రి పదకొండింటికి ‘రాను’ అన్నావనుకో, అప్పుడు వాడికి కోపం నువ్వు రానన్నందుకు కాదు, ప్లానంతా అయ్యాక చెప్పినందుకు వస్తుంది. అదే సోమవారం చెబితే ‘సరే, ఆరుగురమే’ అనుకుంటాడు. కాబట్టి సోమవారం సాయంత్రం దాటనివ్వకు.

గ్రూపులో కాదు, వాడికి విడిగా పెట్టు. గ్రూపులో పెడితే మిగతా ఐదుగురూ చూస్తుంటారు. వాడి పుట్టినరోజు, వాడి ప్లాను, అందరి ముందూ నువ్వు కాదన్నావు. వాడి మనసులో ఏమున్నా, పదిమందిలో పరువు కోసం ఏదో ఒకటి అనక తప్పదు. మొదటి వెటకారం వాడి నోటి నుంచే వస్తుంది, దానికి మిగతావాళ్లు నవ్వే బొమ్మలు పెడతారు, అక్కడితో అది మీ ఇద్దరి సంగతి కాకుండా పోతుంది. విడిగా పెడితే వాడు మామూలుగా వాడిలా మాట్లాడతాడు.

ఇక మాటలు. నా అనుభవంలో మీ వయసు పిల్లలు ముందుగా రాసేది ఇలా ఉంటుంది:

‘సారీరా, ఏమనుకోకురా, శుక్రవారం కొంచెం డౌట్‌రా, నాన్న ఊరెళ్తారేమో, నేను రాలేనేమో, చూసి చెప్తా, రియల్లీ సారీ’

ఇందులో ‘కాదు’ ఎక్కడుందో వెతుకు. నాకైతే కనబడలేదు. పెద్దవాళ్ల మధ్య ‘చూద్దాం లెండి’ అంటే కాదనే అర్థం. పెళ్లి సంబంధమైనా, చేబదులైనా ఆ మాట వినగానే అవతలివాళ్లు అర్థం చేసుకుని లేస్తారు. మీ వయసులో దాని అర్థం తిరగబడుతుంది. స్నేహితుడు ‘చూద్దాంరా’ అన్నాడంటే, ఇంకో రెండుసార్లు లాగితే వచ్చేస్తాడని. నువ్వు మర్యాదకి అన్న మాటని వాడు ఆశగా తీసుకుంటాడు. గురువారం దాకా లాగుతూనే ఉంటాడు. తప్పు వాడిది కాదు, నీ వాక్యానిది.

‘రాలేను’లో ఇంకో చిక్కుంది. రాలేనంటే రావాలనుంది గానీ ఏదో అడ్డొస్తోందని. మంచి స్నేహితుడు ఏం చేస్తాడు? ఆ అడ్డు తీసేస్తాడు. నాన్న ఊరెళ్తున్నారా, ఇంకా మంచిది, ఎవరూ అడగరు. డబ్బులు లేవా, నేనేస్తా. ఇల్లు దూరమా, నేనొచ్చి ఎక్కించుకుంటా. నువ్వు చెప్పిన ప్రతి కారణానికీ వాడి దగ్గర ఒక మందు ఉంటుంది. నీ కారణాలు అయిపోయేసరికి నువ్వు బండెక్కి ఉంటావు.

‘రాను’ సూటి మాటే గానీ ఒట్టిగా అంటే కసురుకున్నట్టుంటుంది. ‘రావట్లేదురా’ బాగుంటుంది. అందులో తీర్మానం అయిపోయినట్టుంది, విసురు లేదు, చివర ఆ ‘రా’ వాడి భుజం మీద చెయ్యేసినట్టు ఉంటుంది. ఈ మాట ముందు పెట్టు. కారణం దాని తర్వాత, ఒక్కటే.

ఏ కారణం? నీ ఉత్తరంలోనే మూడున్నాయి. క్లాసు పోతుందంటే ‘ఒక్కరోజుకి ఏమవుతుంది’ అంటాడు. నీకు లైసెన్సు లేదంటే అది వాడి మీద నేరం మోపినట్టు, అప్పుడు వాడు తనని సమర్థించుకోవాలి: ‘ఆరు నెలలుగా నడుపుతున్నా, ఎప్పుడైనా పడ్డానా?’ ఇక వాదన మొదలు. ‘నాకు భయం’ అన్నావనుకో, దానికి వాడి దగ్గర జవాబు లేదు. నీ భయం నీది. అది లేదని వాడెలా నిరూపిస్తాడు? పిరికోడంటారని నువ్వు దాచుకుంటున్న మాటే ఇక్కడ నీకు బలం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదని నీకు తెలియడానికి రెండు ముక్కలు చెబుతా, వీటిని మెసేజ్‌లో మాత్రం రాయకు. యారాడకి మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. కొండెక్కి దిగే ఆ మలుపుల దారిలో ముగ్గురు కూర్చున్న బండి వంపు తిరిగేటప్పుడు బరువంతా వెనక్కి లాగుతుంది, ముందు చక్రం తేలికవుతుంది, దిగేటప్పుడు బ్రేకు సరిపోదు. ఇక నీళ్లు. అలలు వరుసగా తెల్లగా విరుగుతూ ఉంటాయి, మధ్యలో ఒకచోట మాత్రం నురుగు లేకుండా, కాస్త ముదురు రంగులో నెమ్మదిగా కనిపిస్తుంది. ఈత రానివాడు ‘ఇక్కడ ప్రశాంతంగా ఉంది’ అని అక్కడే దిగుతాడు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. మోకాళ్ల లోతులో నిలబడ్డా కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. ఆ లాగుడుకి ఎదురీదితే ఈత వచ్చినవాడు కూడా అలిసిపోతాడు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితేనే దానిలోంచి బయటపడతాడు. 2022 జూలైలో మన పక్కనే పూడిమడక తీరంలో అలలు లాక్కెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా పరీక్ష రాసి సరదాగా వెళ్లినవాళ్లే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కాదంటున్నది యారాడని, వాడి పుట్టినరోజుని కాదు. వాడికి ఈ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి, విడదీయాల్సింది నువ్వే. ‘ఇంకోసారి ప్లాన్ చేద్దాంరా’ అంటే విడిపోవు. అది ఉత్త మాటని ఇద్దరికీ తెలుసు. రోజు, టైము, చోటు, ఖర్చెవరిది అన్నవి అందులో ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

‘ఒరేయ్, శుక్రవారం యారాడకి నేను రావట్లేదురా. ఆ ఘాటన్నా, ఆ సముద్రమన్నా నాకు నిజంగానే భయం. నీ బర్త్‌డే మాత్రం వదిలేది లేదు. గురువారం రాత్రి పన్నెండుకి ఫోన్ నాదే ఫస్టు. శుక్రవారం సాయంత్రం ఆరుకి కేకు నేను తెస్తా, మీ ఇంటికా, గ్రౌండ్‌కా నువ్వే చెప్పు.’

మాటలు నీ యాసలోకి మార్చుకో. నువ్వు ‘ఒరేయ్’ అనవేమో, ‘మావా’ అంటావేమో, రోజూ ఎలా పిలుస్తావో అలాగే పిలువు. ఎప్పుడూ లేనిది పూర్తి పేరుతో మొదలుపెడితే వాడు చదవకముందే బిగుసుకుంటాడు. సారీ లేదు చూశావా? కావాలనే వదిలేశాను. తప్పేం చేశావని? ప్రాణస్నేహితుల మధ్య ఆ మాట ఎక్కువైతే పరాయివాళ్లలా ఉంటుంది. చివర ప్రశ్న మాత్రం తీసేయకు. ‘మీ ఇంటికా, గ్రౌండ్‌కా’ అన్నప్పుడు వాడు జవాబివ్వాల్సింది కేకు గురించి. మాట యారాడ మీద ఆగదు.

అబద్ధం చెబితే తేలిక కదా, జ్వరమనో, చుట్టాలొచ్చారనో అంటే పోలా అని నీకు అనిపించే ఉంటుంది. నేనూ అనుకున్నాను. 1984లో, అనకాపల్లిలో ఇంటర్ చదివేటప్పుడు, మావాళ్లు మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి మాట్నీకి బయల్దేరారు. మా నాన్నకి తెలుస్తుందని భయపడి జ్వరమన్నాను. వాళ్లలో ఒకడు, నాకు బాగా దగ్గరివాడు, సినిమా మానేసి నాలుగు బత్తాయిలు కొనుక్కుని మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో మా అమ్మ, ‘జ్వరమేంటి నాయనా, వాడు వాళ్ల పెద్దమ్మగారింట్లో పెసరట్లు తింటున్నాడు’ అంది. బత్తాయిలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడట. వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: ‘రానని చెప్తే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి కదరా.’ మీ కాలంలో పట్టుబడటం ఇంకా తేలిక. ఎవడో స్టేటస్ పెడతాడు, దాని వెనక నువ్వు కనిపిస్తావు.

ఇంట్లో నిజంగా ఒప్పుకోకపోతే అమ్మానాన్నల పేరు చెప్పడంలో తప్పులేదు. అడక్కుండానే వాళ్ల మీద తోసేయకు. ‘చెప్పకుండా రా’ అని ఒక్క ముక్కలో కొట్టేస్తాడు.

మెసేజ్ వెళ్లాక ఏమవుతుందో చెబుతా. చాలావరకు ‘ఏంట్రా నువ్వు’ అని ఒక ఏడుపు బొమ్మ పెట్టి, కాసేపటికి ‘గ్రౌండ్‌కే తే’ అంటాడు. కొందరు అలా ఊరుకోరు. ‘ఒడ్డున కూర్చో, నీళ్లలో దిగకు’ అంటాడనుకో, కొత్త కారణం వెతక్కు. ‘లేదురా, రావట్లేదు. కేకు ఏ ఫ్లేవర్?’ అదే మాట, ఇంకా చిన్నగా. పిరికోడా అంటే ‘అవున్రా, పిరికోడినే. సాయంత్రం కేకు తింటూ ఏడిపిద్దువు గానీ’ అను. ఒప్పేసుకున్నవాణ్ణి ఏడిపించడంలో మజా ఉండదు. రెండుసార్లని ఆపేస్తారు.

చదివి ఏమీ అనకపోతే? అదే కష్టం. మూడు నిమిషాలకోసారి ఫోన్ తీసి చూస్తావు. ‘కోపమా?’ అని ఒకటి, ‘సరే వస్తాలే’ అని ఇంకోటి పెట్టాలనిపిస్తుంది. ఆ రెండోది వద్దు. పెట్టినదాన్ని డిలీట్ చేయకు. డిలీట్ చేసిన గుర్తు అక్కడ మిగిలిపోతుంది, ఏం రాసి తీశావోనని వాడు రాత్రంతా ఏదేదో ఊహించుకుంటాడు. మర్నాడు కాలేజీలో రోజూ కూర్చునే చోటే, వాడి పక్కనే కూర్చో. సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. రికార్డు పూర్తి చేశావా అని అడుగు చాలు.

వాడి దగ్గర ఈ మాట తేలాకే గ్రూపులో ఒక్క వాక్యం పెట్టు: ‘నేను శుక్రవారం రావట్లేదురా, సాయంత్రం ఆరుకి కేకు దగ్గర కలుద్దాం.’ కారణం అక్కడ వద్దు. ఎవడైనా అడిగితే ‘వాడికి చెప్పాలే’ అను, అంతే. పెట్రోలుకి నీ వాటా ముందే ఇచ్చుంటే వెనక్కి అడక్కు, కేకులో కలుపుకోమను.

ఇంతవరకూ సులువే. వాడు రెండోసారి అడిగేది అసలు పరీక్ష. ‘సరే రాకు, కానీ మా అమ్మ ఫోన్ చేస్తే నీతోనే ఉన్నానని చెప్పు.’ లేదా ‘ప్రాక్సీ పలుకు.’ ఒకసారి కాదన్న మొహమాటంతో ఇక్కడ సరే అనేస్తారు, నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామంది జారిపోయింది ఈ మెట్టు దగ్గరే. ఆ ఒక్క అబద్ధంతో, వాళ్లు సముద్రం దగ్గర ఉన్న సంగతి ఎవరికీ తెలియకుండా చేసేది నువ్వే అవుతావు. జరగరానిది జరిగితే వాళ్లమ్మగారు మొదట ఫోన్ చేసేది నీకే. ఇలా చెప్పు: ‘నేనుగా ఎవరికీ ఫోన్ చేసి సాయంత్రం పార్టీ పాడుచేయనురా. కానీ అమ్మ అడిగితే అబద్ధం చెప్పలేను.’ ఈ మాట శుక్రవారం పొద్దున కాదు, ముందే చెప్పాలి. శుక్రవారం క్లాసులో లెక్చరర్ ‘మిగతా ఆరుగురూ ఏరీ?’ అని నిన్నే లేపుతారు చూడు. ‘వాళ్లనే అడగండి సార్’ అంటే చాలు. అది అబద్ధమూ కాదు, చాడీ కూడా కాదు.

‘నేనుగా చెప్పను’ అన్నానే, దానికీ ఒక హద్దుంది. లైసెన్సు లేకుండా ఆ ఘాటు మీద బండి నడపడం నాకు చిన్న విషయంగా కనబడటం లేదు. వాడు ఒంటరిగా దొరికినప్పుడు, మెసేజ్‌లో కాకుండా ఎదురుగా, బండి సంగతి ఎత్తు. వాడి కోసమని కాదు, వాళ్లన్నయ్య కోసమని. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 199ఎ అని ఒక సెక్షన్ వచ్చింది. 18 నిండనివాడు బండి నడుపుతూ నేరం చేసి పట్టుబడితే శిక్ష పెద్దవాళ్లకి, అంటే సంరక్షకుడికో, బండి యజమానికో. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. నడిపినవాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. వాళ్లన్నయ్య ఉద్యోగానికి వెళ్లేది ఆ బండి మీదే అయితే, ‘మీ అన్నయ్యకి తెలుసా? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?’ అని అడుగు. అడిగి, గురువారం దాకా వాడికి టైమివ్వు.

అప్పటికీ వాడు చెప్పకపోతే, తాళం పట్టుకుని సిద్ధంగా ఉంటే, వాళ్లన్నయ్యకి నువ్వు చెప్పు. కాలేజీలో కాదు, వాళ్లమ్మగారికీ కాదు, అన్నయ్యకి. తాళం దాచేస్తే చాలు, అందరి ముందూ గొడవ ఉండదు. వాడికి కోపం రాదని నేను హామీ ఇవ్వలేను. వస్తుంది. ముందే చెప్పి చేశావు కాబట్టి వెనక నుంచి పొడిచావనడానికి మాత్రం వీలుండదు. మందు కూడా ఉంటుందని తెలిస్తే ఈ గడువులేమీ పెట్టుకోకు, తెలిసిన నిమిషమే చెప్పు.

ఇంత చేసినా బస్సెక్కో, వేరేవాడి బండి మీదో వెళ్లిపోయారనుకో. అప్పుడు ఒక్క మెసేజ్ పెట్టు: ‘మోకాళ్లు దాటి దిగకండిరా. ఎవడైనా కొట్టుకుపోతే వాడి వెనక దూకకండి, తాడో, ఖాళీ డబ్బానో విసిరి జాలర్లని కేకేయండి, 112కి కొట్టండి. నాలుగింటికల్లా బయల్దేరామని నాకు మెసేజ్ పెట్టండి.’ ఇలాంటి చోట ఒకడు జారితే వాణ్ణి లాగబోయి ఇంకో ఇద్దరు పోతారు, అందుకే ఈ ఒక్క జాగ్రత్త మాత్రం పాఠంలా ఉన్నా చెప్పాల్సిందే. నాలుగున్నర దాకా ఏమీ రాకపోతే, ఫోన్లు ఎత్తకపోతే, నీ దగ్గరున్న సంగతంతా వాళ్లింట్లో చెప్పు. అప్పుడిక మొహమాటం లేదు.

కేకు దగ్గరికి ఐదున్నరకే వెళ్లు. వాడు ఆలస్యంగా రావచ్చు, ఒంటినిండా ఇసుకతో రావచ్చు, లేదా అసలు వెళ్లకుండా పొద్దున్నుంచీ గ్రౌండ్‌లోనే ఉండొచ్చు. ఏదైనా సరే, ‘ఎలా జరిగింది?’ అని మాత్రమే అడుగు. కేకు మీద పేరు రాయించేటప్పుడు ఇంట్లో పిలిచే పేరు రాయించు, కాలేజీ పేరు కాదు.